క్లోవిస్ పెట్టెలో చివరి పలక

క్లోవిస్ ల్యాండ్రీ చొక్కా జేబులో ఒక రబ్బరు ముద్ర ఉండేది. దాని మీద ఆయన పేరు, నంబరు, వాటి కింద ఒక తేదీ. ఆ తేదీ దాటితే అది ఉత్త రబ్బరు ముక్క.

ఆయన వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు. మా యార్డు మోర్గన్ సిటీకి దిగువన, నది ఒడ్డున. ఒకప్పుడు సముద్రంలో చమురు బావుల కింద నిలబెట్టే కాళ్ళు చేసేవాళ్ళం. ఇప్పుడు వంతెన దూలాలు చేస్తున్నాం. వెల్డరు పని ముగించి ముసుగు పైకెత్తగానే క్లోవిస్ వచ్చి వంగేవాడు. చేతిలో టార్చి, లోతు కొలిచే గేజి, చిన్న అద్దం. చూసి, బాగుంటే ఉక్కు మీద పసుపు రంగు పెన్నుతో తన రెండక్షరాలు రాసేవాడు. ఆ తర్వాత కాగితం మీద ముద్ర. ముద్ర లేని దూలం గేటు దాటదు.

యార్డులో అందరూ ఆయన్ని నాంక్ అనేవాళ్ళు. మా ఫ్రెంచిలో బాబాయ్ అని. ఆయనకి అరవై మూడేళ్ళు. నాకు నలభై నాలుగు. నా పేరు ఒడీల్. ఉక్కు మీద అయస్కాంతం ఆనించి ఇనుప పొడి చల్లుతాను. కంటికి అందని పగులు ఉంటే పొడి దాని మీద గీతలాగా పేరుకుంటుంది. ఆ పని నాకు నేర్పింది ఆయనే. నలభై దాటినా నేను ఆయనకి పిల్లనే.

ఆయన టేబుల్ కింద ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో ఇరవై ఆరు ఉక్కు పలకలు, ఒక్కొక్కటి అరచేతంత. అన్నీ పాత పనుల్లోంచి కోసి తీసిన తప్పుడు వెల్డులే. ఒకదాని మీద బుడగలు, ఇంకోదాని మీద పగులు, మరోదాని మీద అండర్‌కట్. వెల్డు అంచున ఆర్కు, అంటే వెల్డింగ్ మెరుపు, తన వేడితో ఉక్కుని తినేస్తే సన్నటి గాడి మిగులుతుంది, దాన్నే అండర్‌కట్ అంటాం. ప్రతి పలక వెనకా కాగితం ముక్క అంటించి ఉంటుంది. ఏ తప్పు, ఎంత లోతు, ఏ రోజు పెట్టెలో చేరింది. తేదీ వెయ్యకుండా ఆయన ఏదీ పెట్టెలో పెట్టడు. యార్డులో ఇన్‌స్పెక్టరు పరీక్షకి చదివిన ప్రతివాడూ ఆ పలకల మీదే కళ్ళు దిద్దుకున్నాడు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. జూలై ఒకటితో ఆయన సర్టిఫికెట్టుకి తొమ్మిదేళ్ళు నిండుతాయి. మధ్యలో మూడేళ్ళకోసారి జరిగేది చిన్న పని. ఫారం, ఫీజు, కంటి డాక్టరు సంతకం. తొమ్మిదో ఏడు అలా కాదు. రెండు దారులుంటాయి. ప్రాక్టికల్ పరీక్ష మళ్ళీ రాయాలి. లేదా తొమ్మిదేళ్ళలో ఎనభై గంటల పాఠాలు విన్నట్టో, చెప్పినట్టో రుజువులు చూపించాలి. అందులో ఇరవై గంటలు చివరి మూడేళ్ళలోవి అయి ఉండాలి.

క్వాలిటీ మేనేజరు డ్యువిట్ తన ట్రెయిలర్‌లో ఉత్తరం చదివి వినిపించాడు. కాఫీ పోసింది నేను.

"నాంక్, నీ సొరుగు నేనే వెతికాను, తిట్టుకోకు. అరవై ఎనిమిది గంటల కాగితాలున్నాయి. సాయంత్రం బళ్ళో నువ్వు చెప్పిన క్లాసులు కూడా లెక్కలోకొస్తాయి. చివరి మూడేళ్ళలో ఎనిమిదే ఉన్నాయి. పన్నెండు తక్కువ. పన్నెండూ వింటే రెండు లెక్కలూ ఒక్కసారే తెగుతాయి. కంప్యూటర్ ముందు కూచుని వినెయ్. నిద్రపోయినా ఎవడూ లేపడు."

"ఎవడూ లేపడనే కదా నా బాధ," అన్నాడు క్లోవిస్.

"అంటే?"

"రెండుసార్లు పరీక్షే రాశాను. మూడోసారీ అదే."

"అప్పుడు నీకు నలభై అయిదు, యాభై నాలుగు. ఇప్పుడెందుకీ పంతం? హోటల్ హాల్లో ప్లాస్టిక్ వెల్డులు ముందు పెట్టి రెండు గంటల్లో నలభై ఆరు ప్రశ్నలు. పక్కన కుర్రాళ్ళు కాళ్ళు ఊపుతుంటారు. తప్పితే?"

"తప్పితే తెలుస్తుంది."

"తెలిసి ఏం చేసుకుంటావు? ఊరగాయ పెట్టుకుంటావా?" డ్యువిట్ నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపేశాడు. "వంతెన కాంట్రాక్టులో ఇన్‌స్పెక్టరు అని నీ పేరే రాసుంది. గడువు దాటితే మొదట్నించీ పరీక్ష మూడు భాగాలూ రాయాలి. అప్పటిదాకా నేను బయటివాణ్ణి తెచ్చుకోవాలి. కాస్త ఆలోచించు. రాతపనంతా నేను చూసుకుంటా."

క్లోవిస్ కాఫీ తాగలేదు. బయటికొచ్చాక నాతో అన్నాడు. "పాఠాలు నాకు చెప్తాయే పిల్లా. పరీక్ష నన్ను అడుగుతుంది. ఇన్నేళ్ళొచ్చాక చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. అడిగేవాళ్ళే ఉండరు."

అనవలసింది నా దగ్గర చాలా ఉంది.

అప్పటికి ఎనిమిది నెలలుగా ఆయన చూడలేకపోయినవి నేను చూస్తున్నాను. మొదటిది మే నెలలో. పసుపు అక్షరాలున్న వెల్డు మీద పొడి చల్లబోయి ఆగిపోయాను. దూలం వంగకుండా అతికే అడ్డు పలక అంచున అండర్‌కట్, వేలు పెడితే గోరుకి తగిలేంత. దూలం కింది పట్టీ ఎప్పుడూ సాగదీతలో ఉంటుంది. దానికి అడ్డంగా ఉన్న గాడి అంగుళంలో నూరోవంతు లోతు దాటకూడదు. ఇది దానికి మూడింతలు ఉంది. నేను వెల్డర్ని పక్కకి పిలిచి, "నాంక్ చూసి వెళ్ళాక ఎవరో గీరినట్టున్నారు, సరిచెయ్," అన్నాను. అతను నా మొహం చూసి, ఏమీ అడక్కుండా సరిచేశాడు.

ఆ తర్వాత నెలకి రెండు. తర్వాత వారానికి ఒకటి. ప్రతిదీ అలాగే సర్దించాను. కాగితం మీద ఎక్కడా రాయలేదు. కానీ నా పొడి పది అడుగుల వెల్డులో ఒక అడుగు మీదే పడుతుంది. పద్ధతి అది. మిగతా తొమ్మిది అడుగులకీ ఉన్నది ఆయన కళ్ళే. ఈ లెక్క నాకు తెలుసు. రోజూ తెలుసు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఎర్లీన్ భోజనానికి రమ్మంది. ఆవిడ క్లోవిస్ భార్య. నేను మిస్ ఎర్లీన్ అంటాను. రొయ్యలు, బెండకాయలు వేసి గంబో పులుసు కాచింది. క్లోవిస్ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ మీద చూశాను. అయస్కాంతం బిళ్ళ కింద ఒక గళ్ళ కాగితం, మధ్యలో నల్ల చుక్క.

"అదేంటి మిస్ ఎర్లీన్?"

"రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడతాడు. ఒక కన్ను మూసుకుని, తర్వాత రెండోది. కుడికంటికి గీతలు వంకర్లు పోతాయట. మధ్యలో మసక. నీకు చెప్పలేదా? నీకు చెప్పే ఉంటాడనుకున్నా."

"డాక్టరు సంతకం పెట్టారు కదా."

"ఎందుకు పెట్టడు? పన్నెండంగుళాల దూరంలో చిన్నక్షరాలు, ఏదో ఒక కంటితో చదివితే చాలట. ఎడమ కంటితో గడగడా చదివాడు. అబద్ధమేమీ లేదు."

నిజమే, అబద్ధమేమీ లేదు. తెల్ల కాగితం మీద నల్లక్షరాలకి ఒక కన్ను చాలు. బూడిదరంగు ఉక్కు మీద బూడిదరంగు గాడి లోతు తెలియాలంటే రెండు కావాలి.

క్లోవిస్ వచ్చి కూచున్నాడు. ఎర్లీన్ నా వైపు చూసి మొదలుపెట్టింది.

"నువ్వన్నా చెప్పు ఒడీల్. పన్నెండు గంటలు ఇంట్లో కూచుని వినమంటే ఈయనకి నామోషీ. పరీక్షకి బాటన్ రూజ్ పోతాడట, పెళ్ళికొడుకులాగా."

"పెళ్ళికొడుకుగా అక్కడికే పోయాను కదే. అప్పుడు ఏడవలేదు నువ్వు."

"అప్పుడు ఏడవాల్సింది." ఆవిడ గరిటె పెట్టేసింది. "ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషికి రెండు గంటల పరీక్ష ఏం చెప్తుంది? ఈయనేం చేశాడో యార్డంతా తెలుసు. ఆ ఎనభై గంటలంటే చేసిన పనికి లెక్క. పరీక్షంటే ఒక్క పొద్దుటిపూట. జ్వరమొస్తే? చెయ్యి వణికితే? ఒక్క పొద్దుటికి ముప్ఫయ్యేళ్ళూ తుడిచిపెట్టేస్తారా?"

ఆవిడ మాటలో తప్పు లేదు. గంటల దారి దొంగదారి కాదు. కిందటి ఏడు క్లోవిస్ చెప్పిన క్లాసు విని ఇద్దరు వెల్డర్లు చేతి వాలు మార్చుకున్నారు. కొత్త నిబంధనల పుస్తకంలో మారినవి ఆయనకి తెలిసింది పాఠాల్లోనే, పరీక్షలో కాదు.

క్లోవిస్ గిన్నెలోకి చూస్తూ అన్నాడు. "నేనేం చేశానో గంటలకి తెలుసు. ఇప్పుడేం చెయ్యగలనో వాటికి తెలీదు."

"నీకు తెలుసా?" అంది ఎర్లీన్.



మార్చి మొదట్లో క్లోవిస్ పరీక్ష ఫారం తెచ్చుకున్నాడు. పంపకుండా టేబుల్ మీద పెట్టుకుని మధ్యాహ్నాలు పెట్టె తీయడం మొదలుపెట్టాడు. నేను పలక అందించాలి, ఆయన చూసి చెప్పాలి, నేను వెనక కాగితం చూసి సరో కాదో అనాలి. మొదటిరోజు ఇరవై ఆరుకి ఇరవై ఆరూ చెప్పాడు. రెండోరోజూ అంతే.

"చూశావా! గుడ్డివాడని కదూ మీ ఆడాళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటున్నారు?"

నేను నవ్వాను. కానీ చూశాను. ఆయన వెల్డు చూడటం లేదు. పలక చేతిలోకి రాగానే బొటనవేలు అంచు మీద తిరుగుతోంది. ఒకదానికి మూల విరిగి ఉంది, అది బుడగలది. ఒకదానికి రంపం గాటు ఉంది, అది పగులుది. ఇరవయ్యేళ్ళుగా తన చేత్తో కోసి, తన చేత్తో కాగితం అంటించిన పలకలు. వాటిని ఆయన చీకట్లో కూడా చెప్పగలడు.

మూడోరోజు పలక నా చేతికి తిరిగిస్తూ ఆయనే అన్నాడు.

"వీటి మొహాలన్నీ నాకు తెలుసే."

"తెలుసు," అన్నాను.

"నేనెప్పుడూ చూడంది ఒకటి చెయ్. అండర్‌కట్. ఎంత లోతో నాకు చెప్పకు. నువ్వు వెల్డింగ్ మర్చిపోలేదుగా?"

"మర్చిపోలేదు."

"అది కనిపెడితే ఆ కంప్యూటర్ పాఠాలే వింటాను. కన్ను బాగున్నవాడికి పరీక్షెందుకు? డ్యువిట్ ఏడుపూ తీరుతుంది, ఎర్లీన్ ఏడుపూ తీరుతుంది. కనిపెట్టలేకపోతే బాటన్ రూజ్ పోతాను. అక్కడ వాళ్ళే చెప్తారు. నీ నోటితో చెప్పక్కర్లేదు."

నా నోటితో చెప్పక్కర్లేదు అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూశాడో లేదో గుర్తులేదు.

మార్చి పదకొండు, మంగళవారం. మధ్యాహ్నం భోజనాలప్పుడు వెల్డింగ్ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. కరెంటు పెంచాను. ఆర్కు సాగదీశాను. చెయ్యి త్వరగా నడిపించాను. అండర్‌కట్ కావాలంటే చెయ్యాల్సిన తప్పులన్నీ అవే. మొదటి పలక బాగా కుదిరింది. గాడి అంగుళంలో నూరోవంతుకి కాస్త ఎక్కువ. సరిగ్గా పనిలో తప్పిపోయేది అలాంటిదే. ఆ పలకని చాలాసేపు చేతిలో పట్టుకున్నాను. చల్లారింది.

ఆయన దాన్ని చూడలేడని నాకు తెలుసు. చూడలేకపోతే బాటన్ రూజ్ పోతాడు. అక్కడ కూడా చూడలేడు. ఫెయిలవుతాడు. ఎందుకు ఫెయిలయ్యాడని డ్యువిట్ అడుగుతాడు. ఎప్పటి నుంచి అని అడుగుతాడు. తర్వాత నన్ను అడుగుతారు.

ఆయన మీద ప్రేమ అని అప్పుడు అనుకున్నాను. ప్రేమ కొంత. మిగతాది ఆ చివరి ప్రశ్న.

ఆ పలకని తుక్కు డబ్బాలో వేసి రెండోది చేశాను. గాడి అంగుళంలో పదహారోవంతు. పరిమితికి ఆరింతలు. దాని నీడ గది ఆ మూల నుంచి కనిపిస్తుంది.

క్లోవిస్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. టార్చి వెయ్యలేదు. గేజి అడగలేదు. బొటనవేలు ఒక్కసారి అంచున నడిపాడు.

"ఇదిగో. ఇక్కణ్ణించి ఇక్కడికి. ఎక్కువే ఉంది."

"సరే," అన్నాను.

"సరేనా?"

"కనిపెట్టావు నాంక్."

ఆయన కిటికీలోంచి నది వైపు కాసేపు చూశాడు. టగ్ బోటు ఒకటి ఇసుక పడవని తోసుకుపోతోంది. ఆ తర్వాత టేబుల్ దగ్గరికొచ్చి పరీక్ష ఫారం రెండు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. పలకని పెట్టెలో పెట్టుకున్నాడు. నన్ను ఇంటికి పొమ్మన్నాడు.

పన్నెండు గంటల పాఠాలూ డ్యువిట్ ట్రెయిలర్‌లో విన్నాడు. తెర మీద ఎవరో ఒకాయన వెల్డు బొమ్మలు చూపిస్తూ మాట్లాడేవాడు. గంటకోసారి నాలుగు ప్రశ్నలు వచ్చేవి. జవాబులు అంతకుముందు పేజీలోనే ఉండేవి. వెల్డర్లు తొంగిచూసి ఏడిపించేవాళ్ళు.

"నాంక్, హోంవర్క్ చేశావా?"

"మీ అయ్య చేత చేయించా. పోరా."

ఏప్రిల్ నెలాఖరుకి ఎనభై గంటలూ నిండాయి. కాగితాలు, కంటి డాక్టరు ఫారం, ఫీజు అన్నీ డ్యువిట్ పంపాడు. జూన్‌లో కొత్త కార్డు వచ్చింది. కొత్త ముద్ర కూడా. నంబరు పాతదే. తేదీ కొత్తది. డ్యువిట్ కేక్ తెప్పించాడు. క్లోవిస్ ఒక ముక్క తిని, మిగతాది ఎర్లీన్‌కి పొట్లం కట్టించుకున్నాడు. అంతా సక్రమంగానే జరిగింది. ఏ కాగితంలోనూ ఒక్క తప్పు లేదు.

ఆ వేసవిలో పన్నెండు దూలాలు తయారయ్యాయి. అంతకుముందు ఏడాదిలో చేసిన పంతొమ్మిది అప్పటికే కాలవ మీద నిలబడి ఉన్నాయి.

సెప్టెంబరులో వంతెన వాళ్ళ తరఫున కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు టెర్రెల్ బుకానన్. మెత్తగా మాట్లాడే మనిషి. దూలాలు లారీ ఎక్కేముందు చూసుకోవడం అతని హక్కు. పాతాయన కాగితాలు చూసి ముద్రలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఇతను మొదటి రోజు మధ్యాహ్నం ఎండలో చూసి ఏమీ అనకుండా వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే, సూర్యుడు ఇంకా కింద ఉండగా వచ్చాడు. వెలుగు ఉక్కు మీద ఏటవాలుగా పడుతోంది. ప్రతి గాడికీ నీడ ఉంది.

అతను మోకాళ్ళ మీద కూచుని గేజి తీశాడు. పసుపు అక్షరాల పక్కన ఎర్ర గీత పెట్టాడు. లేచి రెండడుగులు నడిచి మళ్ళీ కూచున్నాడు. మళ్ళీ ఎర్ర గీత. మొదటి దూలం మీద అయిదు. రెండోదాని మీద ఎనిమిది. మూడోదానికి వచ్చేసరికి యార్డులో గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగాయి.

క్లోవిస్ అతని పక్కనే నడుస్తున్నాడు. ప్రతి గీత దగ్గరా వంగి చూస్తున్నాడు. నాలుగో దూలం దగ్గర అడిగాడు.

"ఎక్కడ?"

"ఇక్కడండీ. నా పెన్ను కొస దగ్గర."

క్లోవిస్ తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కుడికన్ను చేత్తో మూసుకుని చూశాడు. తర్వాత ఎడమది మూసుకుని చూశాడు. ముప్ఫై మంది చూస్తుండగా.

"గేజి ఇలా ఇవ్వు బాబూ."

టెర్రెల్ ఇచ్చాడు. క్లోవిస్ దాని కొసతో గాడి కోసం వెతికాడు. ఒకసారి జారింది. రెండోసారీ జారింది. టెర్రెల్ ఆయన మణికట్టు పట్టుకుని కొసని సరైన చోట ఆనించాడు. ఆ పని చాలా మర్యాదగా చేశాడు. దాన్ని నేనిప్పటికీ తలుచుకోలేను.

"అవును," అన్నాడు క్లోవిస్. "ఉంది."

మధ్యాహ్నానికి పన్నెండు దూలాలూ ఆపేశారు. డ్యువిట్ తన ట్రెయిలర్‌లో మమ్మల్నిద్దర్నీ కూచోబెట్టాడు. మొహం పాలిపోయి ఉంది.

"జూన్‌లోనే కదా కొత్తది వచ్చింది! అన్నీ సరిగ్గా పంపాను కదా! డాక్టరు సంతకముంది, ఎనభై గంటలున్నాయి!"

"అన్నీ సరిగ్గానే పంపావు," అన్నాడు క్లోవిస్. "నన్ను తప్ప."

"ఒడీల్, నీకు ఎప్పుడూ ఏమీ కనపడలేదా?"

ఆ ప్రశ్న వచ్చింది. ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చింది. నేను అన్నీ చెప్పాను. కిందటేడు మే నెల నుంచి. సర్దించినవి ఎన్నో, ఎవరి చేతో. పలక సంగతి తప్ప. పలక సంగతి డ్యువిట్‌కి అక్కర్లేదు. అది క్లోవిస్‌కి చెప్పాల్సింది.

క్లోవిస్ డ్యువిట్‌ని కాగితం అడిగాడు.

"ఎందుకు?"

"కాలవ మీద పంతొమ్మిది ఉన్నాయి. రంగేసేశారు. నేను చూసిన వెల్డులేవో జాబితా కావాలి వాళ్ళకి. కిందటేడు మే నుంచి రాస్తాను. అంతకుముందువి కూడా రాస్తాను, ఎందుకైనా మంచిది."

నాలుగు రోజులు రాశాడు. దూలం నంబరు, పట్టీ, అడ్డు పలక, తేదీ. భూతద్దం పెట్టుకుని, ముక్కు కాగితానికి ఆనించి రాశాడు. మొత్తం వెయ్యికి పైగా. ఆ జాబితా పట్టుకుని వంతెన వాళ్ళు రంగు గీకి చూశారు. ఇరవై మూడు చోట్ల గాడి దొరికింది. అన్నీ సరిచేయించారు. అంతకుముందు ఏడు వెళ్ళిన ఇంకో వంతెన ఉంది, దాని మీద బళ్ళు తిరుగుతున్నాయి. ఒక వైపు మూసి చూస్తున్నారు. బడి బస్సు ఇప్పుడు చుట్టుతిరిగి పోతోంది. ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఫెయిలై ఉంటే ఆయన బాటన్ రూజ్‌లో ఒక హోటల్ హాల్లో ఫెయిలయ్యేవాడు. ప్లాస్టిక్ ముక్కల మీద, తెలియనివాళ్ళ మధ్య. సాయంత్రానికి ఇంటికొచ్చి గంబో తినేవాడు. పాఠాల తప్పు కాదు అది. పాఠాలు ఎప్పుడూ కళ్ళు చూస్తామని అనలేదు.

అక్టోబరులో ఆయన మానేశాడు. కార్డు, ముద్ర, రాజీనామా ఒకే కవరులో పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళకి పంపేశాడు. కొత్త ముద్ర నాలుగు నెలలు కూడా వాడలేదు. నా మీద డ్యువిట్ ఒక ఉత్తరం రాసి ఫైల్లో పెట్టాడు. ఉద్యోగం తీసేయలేదు. మనుషులు దొరకడం లేదు.

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. పలక సంగతి చెప్పాలని. ఎర్లీన్ తలుపు కొంచెమే తీసింది.

"పడుకున్నాడు."

"మళ్ళీ వస్తాను మిస్ ఎర్లీన్."

"ఎందుకమ్మా?" అంది ఆవిడ. కోపంగా కాదు. నిజంగానే అడిగింది. వెనక వంటగదిలో ఫ్రిజ్ కనిపిస్తోంది. గళ్ళ కాగితం తీసేశారు.

నవంబరులో డ్యువిట్ క్లోవిస్ టేబుల్ ఖాళీ చేయించాడు. చెక్కపెట్టె నాకు తెచ్చిచ్చాడు. "నీకివ్వమన్నాడు. కొత్తవాళ్ళకి పనికొస్తాయట."

ఇరవై ఏడు పలకలు. అన్నిటికన్నా పైన నాదే ఉంది. చల్లారిన నా వెల్డు, నా పదహారోవంతు గాడి. వెనక్కి తిప్పాను. అన్నిటికీ అంటించినట్టే దీనికీ కాగితం అంటించి ఉంది. ఆయన రాత. భూతద్దం లేకుండా రాసినప్పటి పాత రాత, గీత మీద నిలబడి ఉంది.

అండర్‌కట్. లోతు ఒకటి బై పదహారు. ఒడీల్ చేసింది. గుడ్డివాడి వేలికి కూడా తెలిసేది.

దాని కింద తేదీ. మార్చి పదకొండు.